నోట్లోకి వెళ్ళే కిలోకి ఎంత పడుతోంది?

ప్రశ్న: మేం నలుగురం. నెలకు దాదాపు 3 లీటర్ల నూనె, 20 కిలోల బియ్యం, రకానికో కిలో చొప్పున 3 కిలోల పప్పులు అవుతాయి. నూనె ఒక ప్యాకెట్ మీద లీటరు అని ఉంటుంది, పక్కదాని మీద గ్రాములు. బియ్యంలో ఒక రకం కిలోకి 8 రూపాయలు తక్కువే కానీ నూకలు ఎక్కువ. పప్పులో మెరిసేది ఒకటి, మెరవనిది ఒకటి, పెద్ద సంచి, చిన్న ప్యాకెట్. చవకని తెచ్చినవే చివరికి ఎక్కువ పడుతున్నాయేమోనని అనుమానం. దేన్ని దేనితో పోల్చి చూడాలి? – ఒక పాఠకురాలు

సమాధానం: మీ అనుమానం సగం నిజం. చవకవి అన్నీ నష్టం కావు, పెద్దవి అన్నీ లాభమూ కావు. తేల్చుకోవడానికి కాగితం, పెన్ను, ఒక గ్రాము తేడా చూపించే వంటింటి కాటా ఉంటే చాలు. ముందుగా ప్రతిదాన్నీ బరువులోకి మార్చండి. అందులోంచి మీరు పారేసేది తీసెయ్యండి. మిగిలింది పాడయ్యేలోపు అయిపోతుందో లేదో చూడండి. ఇక్కడ లెక్క కోసం రూపాయల్లో వేసిన ధరలు ఊహించి వేసినవే. వాటి స్థానంలో మీ బిల్లులోవి పెట్టుకుంటే లెక్క అలాగే నడుస్తుంది.

నూనెతో మొదలుపెడదాం. లీటరు నూనె కిలో తూగదు. నూనె నీళ్ళకన్నా తేలిక కాబట్టి 30 డిగ్రీల వేడి దగ్గర లీటరుకి దాదాపు 910 గ్రాములే ఉంటుంది. పొద్దుతిరుగుడు, వేరుశనగ, సోయా నూనెల మధ్య తేడా ఉన్నా అది చాలా స్వల్పం, ఇంటి లెక్కకి అడ్డు రాదు. కాబట్టి లీటర్లలో ఉన్నదాన్ని 0.91తో గుణిస్తే కిలోలు వస్తాయి. ధరని ఆ కిలోలతో భాగిస్తే కిలో ధర తేలుతుంది.

లీటరు ప్యాకెట్ 150 అనుకోండి. 150ని 0.91తో భాగిస్తే కిలో 164.8. పక్కనే అదే ఎత్తు, అదే వెడల్పు ఉన్న ఇంకో ప్యాకెట్ 145కే వస్తోంది. దాని మీద చిన్న అక్షరాల్లో 870 గ్రాములు అని ఉంది. 145ని 0.87తో భాగిస్తే 166.7. అంటే అయిదు తక్కువకి వచ్చిందనుకున్నది కిలోకి రెండు ఎక్కువ పడింది. ప్యాకెట్ ఆకారం చూసి లీటరే అనుకోవడమే ఇక్కడ జరిగే పొరపాటు. 900 మి.లీ., 850 మి.లీ., 750 గ్రాములు, ఇవన్నీ అరలో పక్కపక్కన నిలబెడితే కంటికి పెద్దగా తేడా కనపడదు.

నూనె లెక్కలో ఇంకో చిన్న మెలిక ఉంది. వేడెక్కితే నూనె వ్యాకోచిస్తుంది. 30 డిగ్రీల దగ్గర 910 గ్రాములు తూగే లీటరు, 60 డిగ్రీల దగ్గర కొలిస్తే దాదాపు 890 గ్రాములే తూగుతుంది. అంటే లీటరు అన్న మాట ఒకటే అయినా, ఏ వేడి దగ్గర కొలిచారన్నదాన్ని బట్టి రెండు శాతం నూనె అటూ ఇటూ అవుతుంది. లేబుల్ మీద లీటర్లతో పాటు గ్రాములు కూడా ఉంటే గ్రాముల్నే నమ్మండి. వేడి ఎంతైనా బరువు మారదు.

ఇప్పుడు సైజు సంగతి. అదే నూనె 5 లీటర్ల క్యాన్ 740 అనుకుంటే 4.55 కిలోలు వస్తుంది, కిలో 162.6. విడి ప్యాకెట్‌తో పోలిస్తే ఆదా 1.3 శాతం, క్యాన్ మొత్తం మీద 10. ఇందాక చెప్పిన వేడి తేడాకన్నా ఇది తక్కువ. 15 కిలోల డబ్బా 2400 అయితే కిలో 160. దాదాపు 3 శాతం ఆదా, మొత్తం మీద 72. చూడ్డానికి బాగానే ఉంది. కానీ మీ వాడకం నెలకు 3 లీటర్లు, అంటే 2.7 కిలోలు. ఆ డబ్బా మీకు అయిదున్నర నెలలు వస్తుంది. ఆ 72కి వచ్చే నూనె 450 గ్రాములు. అడుగున మిగిలిన అరకిలో కనరెక్కి పారబోశారంటే ఆదా అంతా పోయి, చేతి నుంచి ఇంకొంచెం పడింది.

కనరెక్కడం ఎందుకంటే, మూత తీసిన ప్రతిసారీ డబ్బాలోకి కొత్త గాలి వెళ్తుంది. నూనె తగ్గుతున్న కొద్దీ పైన ఖాళీ పెరుగుతుంది, ఆ ఖాళీలోని ఆక్సిజన్ నూనెతో కలుస్తూ ఉంటుంది. పొయ్యి పక్కన వేడి, కిటికీ దగ్గర వెలుతురు దీన్ని ఇంకా తొందరపెడతాయి. పొద్దుతిరుగుడు, సోయా లాంటి పలచటి నూనెలు పామాయిల్‌కన్నా త్వరగా కనరెక్కుతాయి. రెండు చుక్కలు అరచేతిలో వేసి రుద్ది వాసన చూడండి. పాత రంగు డబ్బాలాంటి వాసనో, నాలుక చివర చేదో తగిలితే ఆ నూనె పని అయిపోయినట్టే. వేడి చేస్తే వాసన పోతుందని కొందరు మరగబెడతారు. పోదు సరికదా, ఇంకాస్త పెరుగుతుంది. మీ వాడకానికి 5 లీటర్ల క్యాన్ సరైన హద్దు, 50 రోజుల్లో అయిపోతుంది. అందులోంచి వారానికి సరిపడా చిన్న సీసాలోకి వంపుకుని, క్యాన్‌ని చీకట్లో పెడితే మంచిది. పెద్ద డబ్బా మీద మనసుంటే, తెచ్చిన రోజే ఇంకో ఇంటివాళ్ళతో పంచుకోండి.

నూనెలో రకాల తేడా చాలామంది కలిపేస్తారు. రిఫైన్డ్ నూనెని రిఫైన్డ్ నూనెతోనే, గానుగ నూనెని గానుగ నూనెతోనే పోల్చాలి. రిఫైన్ చెయ్యడమంటే జిగురు తియ్యడం, విడిపోయిన ఆమ్లాలు తియ్యడం, రంగు తియ్యడం, ఆఖర్న ఆవిరితో వాసన తియ్యడం. గానుగ నూనెకి ఇవేవీ చెయ్యరు, గింజ రుచీ వాసనా ఉంటాయి. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు నిర్ణయించే కోడెక్స్ కూడా రెంటికీ వేరు హద్దులు పెట్టింది. నూనెలో విడిపోయిన ఆమ్లాల్ని కొలిచే ఆసిడ్ విలువ రిఫైన్డ్‌కి 0.6 దాటకూడదు, గానుగ రకాలకి 4 దాకా ఉండొచ్చు. ఆమ్లాలు ఎక్కువైన కొద్దీ నూనె తక్కువ వేడికే పొగ వస్తుంది. అందుకని గారెలకీ పూరీలకీ గానుగ నూనె కిలోల కొద్దీ పోయడం డబ్బు పొగబెట్టడమే. తాలింపుకీ, పచ్చళ్ళకీ, పొడుల్లో కలుపుకోవడానికీ అయితే దాని ధరకి అర్థం ఉంది. కొలెస్ట్రాల్ లేదు అని రాసిన ప్యాకెట్‌కి మాత్రం పైసా ఎక్కువ ఇవ్వకండి. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు.

రెండు నూనెలు కలిపిన ప్యాకెట్ అయితే వెనక్కి తిప్పి శాతాలు చూడండి. ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఖరీదైన నూనె పేరుంటుంది, లోపల 20 శాతమే ఉంటుంది. చవక నూనె కిలో 120, ఖరీదైనది 300 అనుకుంటే 80–20 పాళ్ళ మిశ్రమం విలువ 96కి 60 కలిపి 156. దాన్ని 210కి అమ్ముతుంటే మిగతా 54 బొమ్మకీ పేరుకీ.

బియ్యం దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

బియ్యం ధరని ఎక్కువగా కదిలించేది నూకల శాతం. ప్రపంచ వర్తకంలో కూడా బియ్యాన్ని 5 శాతం నూకలు, 25 శాతం నూకలు అంటూ విడదీసి ధర కడతారు. గింజ మామూలు పొడవులో మూడొంతుల కన్నా తక్కువ మిగిలితే అది నూక కింద లెక్క, ముప్పావు గింజ నుంచి పైన నిండు గింజ కింద లెక్క. సంచి మీద ప్రీమియం, సూపర్ లాంటి మాటలు చూసి ఈ శాతం ఊహించుకోకండి. అవి కంపెనీకో అర్థం. ఇంట్లో కొలుచుకోవడమే నమ్మకం.

సంచి కదిలినప్పుడల్లా నూకలు కిందికి దిగుతాయి. పైనుంచి గుప్పెడు తీస్తే బియ్యం అందంగానే కనపడుతుంది. కాబట్టి పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి గుప్పెడేసి తీసి పళ్ళెంలో కుప్ప పొయ్యండి. కుప్పని చేత్తో నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు ఉంచి మిగతా రెండూ సంచిలో వేసెయ్యండి. మిగిలినదాన్ని మళ్ళీ కలిపి మళ్ళీ అలాగే చెయ్యండి. 100 గ్రాముల దగ్గర ఆపి, నల్లటి పళ్ళెంలో పరిచి నూకలు ఒక పక్కకి, రంగు మారినవీ పుచ్చినవీ ఇంకో పక్కకి, రాళ్ళూ వడ్లూ మరో పక్కకి జరపండి. తూచితే ఎన్ని గ్రాములు వస్తే అంత శాతం. కాస్త ఓపిక కావాలి. కానీ ఒక రకానికి ఒకసారి చేస్తే చాలు, తర్వాత కంటికే తెలిసిపోతుంది.

మీ రెండు రకాల్నీ ఇలా కొలిచారనుకుందాం. కిలో 60 పెట్టిన దాంట్లో 5 శాతం నూకలు, 52 పెట్టిన దాంట్లో 25 శాతం. నూకలు జల్లించి పారేసే ఇల్లయితే మొదటిది 60ని 0.95తో భాగించి 63, రెండోది 52ని 0.75తో భాగించి 69. ఎనిమిది చవకన్నది ఆరు ప్రియం అయిపోయింది.

కానీ నూక చెత్త కాదు, బియ్యమే. పిండిపదార్థం అంతే, బలం అంతే. త్వరగా ఉడికి మెత్తబడి అన్నాన్ని ముద్ద చేస్తుంది, అదే దాని తప్పు. ఉప్మాకి, జావకి, దోసెల పిండికి, పొంగలికి అది తప్పు కూడా కాదు. మీరు ఆ పనులకి విడిగా నూకలో చవక బియ్యమో కొంటుంటే, వాటికి ఇచ్చే ధరే మీ జల్లెడ కింద పడిన నూకల ధర. కిలో 35 అనుకోండి. 52 బియ్యంలో కిలోకి పావు కిలో నూకలు, విలువ 8.75. అది తీసేస్తే 43.25కి ముప్పావు కిలో నిండు గింజ వచ్చింది, అంటే కిలో 57.7. అదే లెక్కన 60 బియ్యం కిలో 61.3. ఇప్పుడు చవకదే నిజంగా చవక. నూకలు మీకు కిలోకి 22 చేస్తే రెండు రకాలూ సమానం, అంతకన్నా ఎక్కువ చేస్తే రెండోది మేలు, తక్కువైతే మొదటిది మేలు.

ఇక్కడ ఆగితే లెక్క సగమే. నెలకు 20 కిలోలు వాడే ఇంట్లో 25 శాతమంటే 5 కిలోల నూకలు. అయిదు కిలోల ఉప్మా, జావ నలుగురు తింటారా? రెండు కిలోలే వాడి మూడు పోయాయనుకోండి. 20 కిలోలకి 1040 ఇచ్చారు, వాడిన రెండు కిలోల విలువ 70 తీస్తే 970. దాన్ని 15 కిలోల నిండు గింజతో భాగిస్తే 64.7. మళ్ళీ 60 బియ్యమే గెలిచింది. కాబట్టి సగం నెల ఒకటి, సగం నెల ఇంకోటి అని కాకుండా, అన్నానికి 5 శాతం రకం, పిండి రుబ్బడానికీ జావకీ ఆ ఖర్చుకి తగినన్ని కిలోలు మాత్రం నూకలున్న రకం తెచ్చుకుంటే రెండు వైపులా కలిసొస్తుంది. రుబ్బబోయే బియ్యానికి నిండు గింజల ధర ఇవ్వడం, నిజానికి, చాలా ఇళ్ళలో జరిగే దుబారా. జల్లించకుండా అన్నీ కలిపే వండుకుని, అన్నం కాస్త ముద్దగా ఉన్నా తినేసే ఇల్లయితే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, 52కి కొనుక్కోవడమే. తేడా రుచిలోనే కానీ కడుపులో లేదు.

పాత బియ్యం గురించి ఒక మాట. ఏడాది నిలవున్న బియ్యం ఎక్కువ నీళ్ళు పీల్చి, పొడవుగా, పలుకుపలుకుగా ఉడుకుతుంది. గిన్నె నిండినట్టు కనపడుతుంది, అందుకే ఒదుగు ఎక్కువ అంటారు. ఆ పెరిగింది నీళ్ళే. తినే గుణం కోసం ఎక్కువ ఇవ్వొచ్చు కానీ, తక్కువ బియ్యంతో సరిపోతుందని మాత్రం ఎక్కువ ఇవ్వకండి. పూర్తిగా ఆరని కొత్త బియ్యం అయితే వేరే నష్టం, అందులో తేమ ఎక్కువ. కోడెక్స్ ప్రకారం బియ్యంలో తేమ 15 శాతం దాటకూడదు. బాగా ఆరిన బియ్యం 12, 13 దగ్గర ఉంటుంది. 12 శాతం ఉన్న 25 కిలోల సంచిలోకన్నా 14 శాతం ఉన్నదాంట్లో అరకిలో నీళ్ళు ఎక్కువ, ఆ నీళ్ళకీ బియ్యం ధరే ఇస్తున్నారు. పైగా తేమకి ముక్కవాసన వస్తుంది, బూజూ పడుతుంది. గింజ పళ్ళ మధ్య పెట్టి కొరకండి. టక్కుమని విరిగితే ఆరినట్టు, మెత్తగా నలిగితే ఆరనట్టు. చెయ్యి సంచి లోపలికి పెట్టినప్పుడు చల్లగా, తడితడిగా తగిలినా అనుమానించాలి.

సైజు విషయానికొస్తే, తెల్ల బియ్యం మీ ఇంట్లో 25 కిలోల సంచి 37, 38 రోజుల్లో అయిపోతుంది, భయం లేదు. పెద్ద సంచిలో కిలో ధర తగ్గితే తీసుకోండి. అయితే సంచితో కలిపి తూచిన బరువా, లోపలి బియ్యం బరువా అన్నది ఒకసారి అడగండి. పాలిష్ పట్టని ముడిబియ్యానికి మాత్రం ఈ సలహా పనికిరాదు. దాని పైపొరలో నూనె ఉంటుంది, వేడి రోజుల్లో కొన్ని నెలలకే కనరెక్కుతుంది. అది చిన్న ప్యాకెట్లలో, ప్యాక్ చేసిన తేదీ చూసి కొనాలి. ఉప్పుడు బియ్యం వడ్ల మీదే ఉడకబెట్టి ఆరబెట్టినది కాబట్టి మరలో తక్కువ విరుగుతుంది. అందులో నూకలు తక్కువుంటే అది పెద్ద విశేషమేమీ కాదు, దానికోసం అదనంగా ఇవ్వక్కర్లేదు.

పప్పుల లెక్క బియ్యంకన్నా తేలిక. ఒకటే సూత్రం: రెండు రకాల ధరల తేడా ఎంత శాతమో, చవకదాంట్లోంచి అదనంగా ఏరి పారేసేది ఎంత శాతమో చూడండి. కిలో 138 పెట్టి బాగుచేసిన పప్పు ఉంది, 130కి విడిగా దొరికేది ఉంది. తేడా 5.8 శాతం. విడి పప్పులోంచి 100 గ్రాములు ఇందాకటిలాగే తీసి చెరిగి ఏరితే రాళ్ళు, పొట్టు, పుచ్చులు, చేటలోంచి జారిపోయే పొడి కలిపి 6 గ్రాములు తేలాయనుకోండి. రెండూ సమానమయ్యాయి, మీ శ్రమ అదనం. 2 గ్రాములే తేలితే విడి పప్పు కొనండి. పోలిక కోసం చెప్పాలంటే, కోడెక్స్ పప్పుధాన్యాల్లో మట్టీ చెత్తా కలిపి ఒక శాతానికి మించకూడదంటుంది, అందులో రాయీ ఇసుకా పావు శాతం లోపే ఉండాలి. కిలోలో రెండున్నర గ్రాముల రాళ్ళన్నమాట. అంతకన్నా తగులుతుంటే ఆ కొట్టు మార్చండి, పన్ను విరిగితే అయ్యే ఖర్చు ఏ లెక్కలోనూ వెయ్యలేం.

పొట్టు మినప్పప్పునీ, పొట్టు తీసిన దాన్నీ నేరుగా పోల్చకండి. నానబెట్టి పొట్టు కడిగేస్తే దాదాపు పదో వంతు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ నీళ్ళపాలవుతుంది. పోయేది 12 శాతమైతే, 110 పెట్టిన పొట్టు పప్పు కడిగేసరికి 125 పప్పుతో సమానం. పొట్టుతోనే తినేవాళ్ళకి ఈ కోత లేదు, వాళ్ళకి పొట్టు పప్పే లాభం.

మెరిసే పప్పు ఎందుకు మెరుస్తుందంటే, పాలిష్ పట్టినప్పుడు బద్దల పైపొర అరుగుతుంది, నీళ్ళో, కొంచెం నూనో రాసి తోమితే నిగనిగలాడుతుంది. ఆ నిగారింపుకి ఉడికే గుణంతో సంబంధం లేదు. మెరవని పప్పు మీద పిండి రాసినట్టు మసకగా ఉంటే అది మురికి కాదు, మొదటి కడుగులో పోతుంది. పప్పులో నిజంగా డబ్బు పెట్టదగిన గుణం కంటికి కనపడదు, అది వయసు. వేడిలో, తేమలో నెలల తరబడి నిలవున్న పప్పు గట్టిపడిపోతుంది. కణాల మధ్య ఉండే జిగురు పదార్థం నీళ్ళలో కరగకుండా తయారవుతుంది, ఎంతసేపు ఉడికించినా పలుకు మిగులుతుంది. చవకలో మిగిల్చింది గ్యాస్‌కి పోతుంది. పరీక్ష సులువే. రెండు పప్పులు 50 గ్రాముల చొప్పున, ఒకే సైజు గిన్నెల్లో, ఒకే నీళ్ళు సమానంగా పోసి, మూత లేకుండా ఒకే మంట మీద ఉడికించండి. అయిదు నిమిషాలకోసారి ఒక బద్ద తీసి వేళ్ళ మధ్య నొక్కండి. ఒకటి 25 నిమిషాలకి నలిగి, ఇంకోటి 40కి కూడా మధ్యలో గట్టిగా ఉంటే ఏది పాతదో తేలిపోయింది. నీళ్ళు ఒకటే ఉండడం ముఖ్యం. సున్నం ఎక్కువున్న నీళ్ళలో మంచి పప్పు కూడా మొరాయిస్తుంది, తప్పు పప్పు మీదికి పోతుంది. శనగలు, పెసలు లాంటి గుండు గింజలకైతే రాత్రి నానబెట్టి పొద్దున్న చూడండి. ఉబ్బకుండా రాళ్ళలా ఉన్నవి లెక్కపెట్టి, నీళ్ళ మీద తేలిన పుచ్చులూ తియ్యండి, రెండూ పారేసే కోవలోకే వస్తాయి.

పప్పు పెద్ద సంచిలో కొనొచ్చా అంటే, మీ ఇంట్లో రకానికి నెలకు కిలో అవుతోంది కాబట్టి 5 కిలోల సంచి అయిదు నెలలు ఉంటుంది. పెద్ద సంచి మీద 4 శాతం తగ్గించారంటే మీకు మిగిలేది 200 గ్రాముల ధర. గుండు గింజల్లో పుచ్చు పురుగు గుడ్లు పైకి కనపడకుండా వచ్చేస్తాయి. 30 డిగ్రీల వేడిలో దాదాపు నాలుగు వారాలకి ఒక తరం పూర్తవుతుంది. గింజకో గుండ్రటి కన్నం పడిందంటే లోపలి పప్పు పురుగు తినేసి బయటికి వచ్చేసిందని అర్థం. మొదటి తరం కంటపడదు, రెండో తరం నుంచి సంచి కదులుతుంది. అందుకని రకానికి రెండు నెలలకి మించి కొనకండి. తగ్గింపు మరీ బాగుండి కొన్నారనుకోండి, గుండు గింజల్ని కిలో ప్యాకెట్లుగా గట్టిగా మూసి, డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచితే గుడ్లూ పురుగులూ చస్తాయి. బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా, కనీసం ఒక రాత్రి, ప్యాకెట్ విప్పవద్దు. చల్లగా ఉండగా విప్పితే గాలిలోని తేమ గింజల మీద నీరుగా చేరి, పురుగు బదులు బూజు పడుతుంది.